శ్రీరామనవమి నాటి క్యూ, కుర్చీల గురించి మీ ఫిర్యాదుకు జవాబు

సి బ్లాక్ 204 మేడమ్ గారికి నమస్కారం.

నవమి మర్నాడు మీరు రాసిచ్చిన కాగితాన్ని ఆలయ కమిటీ మీటింగులో అందరి ముందూ చదివాం. పెద్దావిడను పట్టుకుని ఎండలో గంటన్నర నిలబడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

వంటశాల పక్క గేటు నుంచి తెలిసినవాళ్లు లోపలికి వెళ్లిపోయారని మీరు రాసింది నిజమే. ఆ దారి పెట్టింది వయసు మళ్లినవాళ్లకూ, చంటిపిల్లల తల్లులకూ. పది దాకా అలాగే నడిచింది. తర్వాత అక్కడున్న కుర్రాణ్ని పానకం బిందెలు మోయడానికి పిలిచారు. ఇంకేముంది, ముఖపరిచయం ఉన్నవాళ్లంతా అటే దూరారు. ఆ దారిన వెళ్లాల్సిన మీ అత్తగారేమో లైన్లోనే ఉండిపోయారు, ఎందుకంటే బోర్డు లేదు. ఆ కుర్రాడితో క్షమాపణ చెప్పించమన్నారు. పిలిచింది పెద్దవాళ్లు, వాడేం చేస్తాడు? వాడి తరఫున నేను చెబుతున్నాను.

పదకొండు తర్వాత లైను ఆగింది మాత్రం ఏ వీఐపీ కోసమూ కాదండీ. నైవేద్యానికి తెర వేశారు, ఆ వెంటనే ఉత్సవమూర్తులను మండపానికి తీసుకొచ్చారు. అభిజిత్ లగ్నానికి జీలకర్ర బెల్లం పెట్టాలంటే ఆ కాసేపు దర్శనం ఆపక తప్పదు. ఆ మాట మైకులో చెబితే సరిపోయేది. మైకేమో దాతల పేర్లు చదవడంలో తీరిక లేకుండా ఉంది!

ఇక కుర్చీలు. ముందు రెండు వరుసలూ ఉభయదాతలకు ఉంచడం ఎత్తేయాలన్నారు. దానికి కమిటీ ఒప్పుకోలేదు. భద్రాచలంలోనూ కల్యాణానికి సెక్టార్ల వారీగా టికెట్లుంటాయి. మన దగ్గర పందిరి, పానకం, వడపప్పు, మధ్యాహ్నం భోజనాలు నడిచేది ఆ దాతల రసీదుల డబ్బుతోనే. అయితే రసీదుకు దంపతులిద్దరే కూర్చోవాలి. ఆ రోజు ఒక్కో రసీదు మీద బంధువర్గమంతా దిగింది. వెనక వరుసల్లో రుమాళ్లు, వాటర్ బాటిళ్లు పెట్టి సీట్లు ఆపుకున్నారు. "మావాళ్లొస్తున్నారు" అని మిమ్మల్ని కసిరినాయన కమిటీ మనిషి కాకపోయినా, పక్కనే ఉన్న మావాళ్లు కలగజేసుకోవాల్సింది.

చైత్ర పౌర్ణమి నాటి హనుమజ్జయంతికే మార్పులు చేస్తున్నాం. పక్క గేటు దగ్గర ఇద్దరుంటారు, బోర్డూ ఉంటుంది. పెద్దవాళ్ల వెంట ఒకరినే పంపుతారు. కమిటీ సభ్యుల ఇంటివాళ్లు కూడా మామూలు లైన్లోనే రావాలి. ఈ ఒక్క మాట మీదే మీటింగులో ముప్పావుగంట వాదన జరిగింది, చివరికి అందరూ సరేనన్నారు. మండపానికి ఎడమవైపు ఫ్యాన్ల కింద ఇరవై కుర్చీలు నడవలేనివాళ్లకే. రుమాలు పెట్టి ఆపిన కుర్చీలో మనిషి లేకపోతే, రుమాలు తీసి వచ్చినవాళ్లను కూర్చోబెడతాం. గొడవైతే మేం చూసుకుంటాం.

తలంబ్రాలు మీకు అందలేదని చివర్లో రాశారు. మీ ఇంటి పేరున ఒక పొట్లం ఆఫీసులో తీసి ఉంచాం. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య ఎవరిని పంపినా ఇస్తారు. అత్తగారికి మా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి, ఆలయ కమిటీ