ఏ ఖర్చుకు ఎవరి సంతకం: మన అధికారాల పట్టిక సారాంశం

నమస్కారం.

సోమవారం నుంచి అచ్యుతాపురం ప్లాంట్ బిల్లులన్నీ ద్వారకానగర్ ఆఫీసులో మీ టేబుల్ మీదికే వస్తాయి. అధికారాల పట్టిక 14 పేజీలు. తీరికగా మొత్తం చదవండి. ఈలోగా పని ఆగకుండా ఈ నోట్ రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. బిల్లు మీద ఉన్న అంకె చూసి ఎవరు ఆమోదించాలో తేల్చకండి. ఆ పనికి మొత్తం ఎంత అవుతుందో, జీఎస్టీతో కలిపి చూడండి. పరిమితులన్నీ మొత్తం విలువకే.

బడ్జెట్‌లో ఉన్న రోజువారీ ఖర్చులకు షిఫ్ట్ సూపర్‌వైజర్ 5,000 రూపాయల వరకు పెట్టీ క్యాష్ నుంచి ఇవ్వవచ్చు. 50,000 వరకు డిపార్ట్‌మెంట్ హెడ్, 3 లక్షల వరకు ప్లాంట్ మేనేజర్, 15 లక్షల వరకు సీఎఫ్‌ఓ, కోటి వరకు ఎండీ. కోటి దాటితే బోర్డు. బడ్జెట్‌లో లేని ఖర్చయితే, మొత్తం ఎంత చిన్నదైనా ఒక మెట్టు పైకి వెళ్తుంది.

మెషిన్లు, నిర్మాణాలు వంటి మూలధన ఖర్చుకు పరిమితులు తక్కువ: ప్లాంట్ మేనేజర్‌కు లక్ష, సీఎఫ్‌ఓకు 5 లక్షలు, ఎండీకి 50 లక్షలు, ఆపైన బోర్డు. డిపార్ట్‌మెంట్ హెడ్‌కు ఇందులో అధికారం లేదు. రిపేరు అని వచ్చిన బిల్లులో కొత్త మెషిన్ ఉందేమో చూడండి.

రొయ్యల కొనుగోలు దారి వేరు. చెరువు దగ్గర పట్టుబడి మొదలయ్యాక సంతకం కోసం సరుకును ఆపలేం. అందుకే ఎండీ పొద్దున్నే కౌంట్ వారీగా రేటు షీటు మీద సంతకం చేస్తారు. ఆ రేటు లోపల పర్చేజ్ హెడ్ రోజుకు 25 లక్షల వరకు కొనవచ్చు. కిలోకు ఒక్క రూపాయి ఎక్కువైనా ఎండీ అనుమతి కావాలి. ఫోన్‌లో ఒప్పుకుంటే అదే రోజు మెయిల్ రావాలి. బిల్లుకు ఆ రోజు షీటు జతచేయకపోతే మీరు ఎంట్రీ చేయవద్దు.

అప్పుల సంగతి బోర్డుదే. కంపెనీల చట్టం, 2013లోని 179వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకునే అధికారాన్ని బోర్డు తీర్మానంతో ఎండీకి అప్పగించే వీలుంది. మన బోర్డు ఎవరికీ అప్పగించలేదు. ఇప్పటికే మంజూరైన క్యాష్ క్రెడిట్ పరిమితిలో రోజువారీ వాడకాన్ని మాత్రం సీఎఫ్‌ఓ చూస్తారు.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పే విషయం, ముక్కలు చేయడం. ఇదివరకు నేను పనిచేసిన చోట ఒకే కంప్రెసర్ రిపేరుకు 48,000, 47,000, 49,000 అని మూడు బిల్లులు వచ్చాయి. మూడూ డిపార్ట్‌మెంట్ హెడ్ పరిమితి లోపలే. కలిపితే 1,44,000. వేరువేరు రోజుల్లో వచ్చాయి కాబట్టి నాకు తట్టలేదు, పాస్ చేశాను. ఆడిటర్ పట్టుకున్నారు. అప్పటి నుంచి ఏ బిల్లు వచ్చినా అదే వెండర్‌కు గత 30 రోజుల్లో ఏం ఇచ్చామో లెడ్జర్ తీసి చూస్తాను. మీరూ అలాగే చూడండి.

బిల్లు పీఓ కన్నా ఎక్కువ వస్తే కొత్త మొత్తాన్ని బట్టి ఆమోదించేవారు మారతారు. ఎవరి సొంత ఖర్చును వారు ఆమోదించుకోకూడదు. సెలవులో ఉన్నవారి ఫైలు పైవారికి వెళ్తుంది, కిందివారికి రాదు. ఆమోదం పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన చిన్న పరిశ్రమలకు చెల్లింపు గడువు ఆగదు. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు, లేకపోతే 15 రోజులే. అలాంటి ఫైళ్లను ముందు కదిలించండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఎలా కుదిపేసిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. తుపాను, అమ్మోనియా లీకు, కోల్డ్ స్టోరేజీకి కరెంటు పోవడం లాంటి సమయాల్లో ప్లాంట్ మేనేజర్ 5 లక్షల వరకు ముందు ఖర్చుపెట్టి, మూడు పనిదినాల్లో సీఎఫ్‌ఓ ఆమోదం తీసుకోవచ్చు. ఆ మూడు రోజులు లెక్కపెట్టి గుర్తుచేయడం మీ పని.

మీకు ఆమోదించే అధికారం లేదు, ఆపే అధికారం ఉంది. బ్యాంకు పోర్టల్‌లో మీరు ఎంట్రీ మాత్రమే చేస్తారు, రిలీజ్ నాదీ సీఎఫ్‌ఓదీ. ఎంత పెద్దవారు ఫోన్ చేసినా, "మెయిల్ పంపండి సార్, వెంటనే చేస్తాను" అనండి. టెన్షన్ పడకండి, మీరు ఆపిన ఫైలుకు నేను జవాబు చెబుతాను.

మీ ట్రేలో ఇప్పుడు మూడు ఫైళ్లున్నాయి. ప్లాస్టిక్ క్రేట్లు 2,60,000, బడ్జెట్‌లో ఉన్నవే. 18 శాతం జీఎస్టీతో 3,06,800 అవుతుంది కాబట్టి సీఎఫ్‌ఓకు పంపండి. ప్లాంట్ మేనేజర్ చెన్నై టూర్ బిల్లు 18,400, అది ఆయన సొంత ఖర్చు, కనుక సీఎఫ్‌ఓకే. కొత్త జనరేటర్, జీఎస్టీతో 4,20,000, బడ్జెట్‌లో లేదు. సీఎఫ్‌ఓ నోట్‌తో ఎండీకి వెళ్లాలి. సోమవారం 11 గంటలలోపు మూడూ పంపించి నాకు ఒక మెయిల్ పెట్టండి.

ఫైనాన్స్ మేనేజర్