ఫీల్డ్ డైరీ: 2024 డిసెంబర్ 8, ఆదివారం, నార్సింగి

రాత్రి పదకొండు దాటింది. ఇవాళ్టి రికార్డింగ్ ఇంకా వినలేదు. విన్నానంటే ఇవాళ నాతో మాట్లాడిన కూలీ చెప్పింది రాయడంలో పడిపోతాను, నా సంగతి పక్కకు పోతుంది. అందుకే ముందు ఇది రాస్తున్నాను.

నా చదువు కోసం మొన్న బుధవారం బిల్డింగ్ సైటులో వలస కూలీలతో చేసిన నాలుగు ఇంటర్వ్యూల గురించి మొదట రాయాలి. అవి పనికిరావని అప్పుడే తెలిసింది, కారణం మాత్రం ఇవాళ తెలిసింది. ఆ రోజు కాంట్రాక్టర్ ఆఫీసులో పర్మిషన్ తీసుకుని మెయిన్ గేటు నుంచి వెళ్లాను. సెక్యూరిటీ అతను ఒక హెల్మెట్ ఇచ్చాడు, పెట్టుకున్నాను. సూపర్‌వైజర్ ఒక్కొక్కరినే పిలిచి నా ముందు నిలబెట్టాడు, తను ఐదడుగుల దూరంలో ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. నలుగురూ ఒకటే మాట చెప్పారు: "సబ్ ఠీక్ హై మేడం. తిండి బాగుంది, పైసలు టైముకొస్తున్నాయి." ఒక్కోటి ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయింది. నా హిందీ బాగాలేక మాట్లాడలేదేమో అనుకున్నాను. ఇవాళ ఆ రోజు ఫోటో చూస్తే అర్థమైంది. వాళ్లందరివీ పసుపు హెల్మెట్లు, నాది తెల్లది. ఆ సైటులో తెల్లది ఇంజినీర్లకు, సూపర్‌వైజర్లకు ఇస్తారు. నేను నోరు తెరవకముందే నేను ఎవరి తరఫు మనిషినో వాళ్లకు తెలిసిపోయింది.

ఇవాళ వెనక దారిలో, హెల్మెట్ లేకుండా, రేకుల షెడ్ల దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం నుంచి సెలవు. కుళాయి దగ్గర బట్టలుతుకుతున్నారు, ఒక షెడ్డు ముందు చికెన్ ఉడుకుతోంది. టీ కొట్టు దగ్గర కూర్చున్నాయన పక్కన కూర్చున్నాను. షట్టరింగ్ పని, వయసు నలభై అయిదు దాకా ఉంటుంది. పేరు రాయను, నోట్స్‌లో షట్టరింగ్ భయ్యా అనే ఉంటుంది. ఏ ఊరని అడిగితే "పలామూ" అన్నాడు. జార్ఖండ్‌లో డాల్టన్‌గంజ్ ఉన్న జిల్లా. నాకు మాత్రం పాలమూరు అని వినిపించి ప్రాణం లేచొచ్చినట్టయింది. మాదీ పాలమూరేనని, అక్కడా కరువేనని, మా తాత నాగార్జునసాగర్ డ్యామ్ పనికి మట్టి తట్ట మోశాడని గబగబా చెప్పేశాను. ఆయన నవ్వి నాకు టీ చెప్పాడు. ఇంక ఈయన నాతో అన్నీ మాట్లాడతాడని అక్కడే నిశ్చయించుకున్నాను.

సమ్మతి పత్రం తీయగానే ఆయన రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. అంతకుముందు పనిచేసిన చోట తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నారట, తర్వాత రెండు నెలల కూలి ఇవ్వలేదట. ఆయన్ను కాపాడటానికని మా డిపార్ట్‌మెంట్ తయారుచేసిన కాగితం కూడా ఆయన కళ్లకు అలాంటిదే. కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. మాట మీదే ఒప్పుకోలు తీసుకుని రికార్డ్ చేశాను. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకపోయినా పర్వాలేదని రెండుసార్లు చెప్పాను.

తర్వాత ఆయన షెడ్డులోకి వెళ్లి తలగడ కింద నుంచి చిన్న నోట్‌బుక్ తెచ్చాడు. పైన ప్లాస్టిక్ కవరు, లోపల నెలకో పేజీ. నిండు రోజుకు ఒక గీత, సగం రోజుకు అడ్డగీత, ఓవర్‌టైమ్ చేస్తే గీత మీద గంటల అంకె. కింద వారం వారం ఖర్చీ కింద ఇచ్చిన అయిదొందలు. మిగతాదంతా ఊరికెళ్లేటప్పుడు లెక్క చూసి ఇస్తారు. అక్టోబర్ పేజీలో రెండు గీతలు ఎర్ర ఇంకుతో ఉన్నాయి. ఆ రెండు రోజులూ ఠేకేదార్, అంటే కూలీల కాంట్రాక్టర్, రాసే పుస్తకంలో లేవట.

ఆ పేజీ చదవడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆరో తరగతి నుంచి నేను ఇలాంటి పుస్తకాలు కూడి కింద మొత్తం వేసినదాన్ని. కాకపోతే అవి అవతలి పుస్తకాలు. మా తాత లేబర్, నిజమే. మా నాయన మాత్రం గుంపు మేస్త్రీ. ఊళ్లో అడ్వాన్సులిచ్చి ముప్పై నలభై మందిని పుణేకి తీసుకెళ్లేవాడు. తలకింత అని కమీషన్ వచ్చేది. నా ఇంటర్ ఫీజు, డిగ్రీ ఫీజు, ఇప్పుడున్న నాలుగెకరాలు, అన్నీ అందులోంచి వచ్చినవే. క్లాసులో పొజిషనాలిటీ గురించి, అంటే ప్రశ్నలడిగే మనిషి ఎవరో, ఎక్కణ్నుంచి వచ్చిందో రాయమన్నప్పుడు "వలస కూలీ కుటుంబం నుంచి వచ్చిన తొలి తరం విద్యార్థిని" అని రాశాను. మేడం బాగుందన్నారు. తాత గురించి రాసి నాయన్ని వదిలేశాను. అప్పుడు అది అబద్ధంగా అనిపించలేదు.

ఇవాళ అది ఎలా బయటపడిందంటే, ఆయన ఎర్ర గీతలు చూపించి "ఠేకేదార్లంతా దొంగలే" అన్నాడు. నేను వెంటనే "పైనుంచి బిల్లు రాకపోతే ఠేకేదార్ మాత్రం ఏం చేస్తాడు భయ్యా?" అన్నాను. ఆ మాట నా ప్రశ్నల్లో లేదు. మా ఇంట్లో అన్నం దగ్గర నాయన అనే మాటే అది, యథాతథంగా నా నోట్లోంచి వచ్చింది. ఆయన ఒక్క క్షణం నా ముఖం చూశాడు. "హా, అదీ ఉంది" అని నోట్‌బుక్ మూశాడు. పక్కనున్న అతనితో వాళ్ల భాషలో ఏదో అన్నాడు, నాకు ముక్క అర్థం కాలేదు. ఆ తర్వాత అన్నీ బుధవారం జవాబులే.

మాట మార్చాలని భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు సంగతి ఎత్తాను. 1996 చట్టం ప్రకారం 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు భవన నిర్మాణ పని చేసినవాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చని చెప్పాను. ఆయన పుస్తకంలో 90కి ఎన్నో రెట్లు గీతలున్నాయి, కార్డు మాత్రం లేదు. "మీరు చేయిస్తారా?" అని అడిగాడు. కనుక్కుంటానన్నాను. ఇది చెప్పడం తప్పని నేననుకోను, తెలిసి దాచడమే తప్పు. కానీ ఆ క్షణంలో నేను అది చెప్పింది ఆయన కోసమా, పోయిన నమ్మకం మళ్లీ సంపాదించుకోవడానికా అంటే, రెండోదే ఎక్కువ. ఇంక కనుక్కునే తీరాలి. రేపు లేబర్ ఆఫీసుకు వెళ్తాను. పని చేసినట్టు సర్టిఫికెట్ ఠేకేదార్ ఇవ్వకపోతే వేరే దారి ఏముందో అడగాలి.

లేచి వచ్చేటప్పుడు ఆయన మామూలుగా, మర్యాద కోసం అడిగాడు: "మీ నాన్నగారు ఏం చేస్తారు మేడం?"

"వ్యవసాయం" అన్నాను.

ఆయన ఇంటి సంగతులు గంటన్నర అడిగాను. కూతురి పెళ్లి అప్పు ఎంతో, నెలకు వడ్డీ ఎంతో, 2020 మేలో, లాక్‌డౌన్ అప్పుడు, లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లిన మొదటి రైలెక్కేటప్పుడు జేబులో ఎంతుందో అన్నీ చెప్పాడు. నా ఇంటి గురించి ఆయన అడిగింది ఒక్క ప్రశ్న.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. టీ తాగకముందే నాయన మేస్త్రీ అని చెప్తాను. ఆయన ఇంక మాట్లాడనంటే ఆ రికార్డింగ్ వాడను, అది ఆయన హక్కు. బుధవారం నాలుగింటినీ తీసెయ్యను, హెల్మెట్ రంగుతో సహా రాస్తాను.

తొమ్మిదింటికి నాయనకు ఫోన్ చేశాను. పాత హాజరీ పుస్తకాలు ఉన్నాయా అని అడిగాను. అటక మీద రేకు పెట్టెలో ఉన్నాయన్నాడు. "ఎందుకు బిడ్డా?" అన్నాడు. చదువు కోసం అన్నాను. కొంచెం సేపు ఏమీ అనలేదు. తర్వాత, "అందులో ఇద్దరిది లెక్క తేలలే, పేర్లు చూస్తే గుర్తుపడతవ్" అన్నాడు.