మార్కెట్ సామర్థ్యం రూపాలు, ఈవెంట్ స్టడీలు: కంపెనీ మేనేజర్లకు వాటి అర్థం

ప్రశ్న: భీమవరం దగ్గర ఒక లిస్టెడ్ రొయ్యల ఎగుమతి కంపెనీ ఎండీ, షేరు ధర పెంచడానికి తరుగుదల లెక్కించే పద్ధతి మార్చి లాభం ఎక్కువ చూపిద్దామంటున్నారు. మార్కెట్ సామర్థ్యం దృష్టితో చర్చించండి.

జవాబు: సమర్థమైన మార్కెట్ అంటే ధర ఎప్పుడూ సరిగ్గానే ఉంటుందని కాదు. తెలిసిన సమాచారం ధరలోకి త్వరగా చేరిపోతుంది కాబట్టి, దాన్ని పట్టుకుని రిస్కుకు తగిన రాబడిని మించి ఎవరూ పదేపదే సంపాదించలేరని అర్థం. ఏ సమాచారం అన్నదాన్ని బట్టి 1970లో ఆర్థికవేత్త ఫామా మూడు రూపాలు చెప్పారు. బలహీన రూపంలో పాత ధరలన్నీ ఇప్పటి ధరలో కలిసే ఉంటాయి, చార్టులు చూసి లాభం లేదు. అర్ధబల రూపంలో ఫలితాలు, డివిడెండ్, ప్రభుత్వ నిర్ణయాలు, ఇలా బయటికొచ్చిన ప్రతి సమాచారమూ కలిసి ఉంటుంది. బలమైన రూపంలో లోపలివాళ్లకు మాత్రమే తెలిసినవి కూడా ధరలో ఉండాలి, కానీ ఇది నిలబడదు, లోపలి సమాచారంతో డబ్బు చేసుకోవడం సాధ్యమే కాబట్టే సెబీ ఆ ట్రేడింగ్‌ను నిషేధించింది.

ఒక ప్రకటన వచ్చినప్పుడు షేరు ధర ఎలా స్పందించిందో కొలిచే అధ్యయనమే ఈవెంట్ స్టడీ, అది పరీక్షించేది రెండో రూపాన్ని. ప్రకటన వచ్చిన రోజు షేరు 4 శాతం పెరిగింది, మార్కెట్ కదలికను బట్టి 1 శాతం పెరగాల్సింది అనుకుందాం, మిగిలిన 3 శాతమే అసాధారణ రాబడి.

AR = R − (α + β·Rm)

ఇక్కడ AR అసాధారణ రాబడి, R షేరు రాబడి, Rm మార్కెట్ రాబడి, α, β ఆ షేరు పాత రాబడుల నుంచి అంచనా వేసిన సంఖ్యలు. ఇలా చాలా కంపెనీలకు లెక్కించి సగటు తీస్తారు. షేర్ల విభజనపై 1969లో ఫామా, ఫిషర్, జెన్సెన్, రోల్ చేసిన అధ్యయనంలో ధర విభజనకు ముందే పెరిగింది, తర్వాత సగటున అసాధారణ లాభమేమీ మిగల్లేదు. మన దగ్గరా చూశాం, 2025లో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచుతామనగానే, అది అమల్లోకి రాకముందే రొయ్యల ఎగుమతి కంపెనీల షేర్లు పడ్డాయి.

ఇక ఎండీగారి ఆలోచన. ఆదాయపు పన్నుకు తరుగుదల వేరే నిబంధనల ప్రకారం లెక్కిస్తారు, కాబట్టి పుస్తకాల్లో పద్ధతి మారినా సాధారణంగా పన్ను మారదు, చెరువుల నుంచి ప్రాసెసింగ్ ప్లాంటు దాకా నగదులో ఒక్క రూపాయి తేడా రాదు. మార్పు గురించి ఖాతాల నోట్సులో ఎలాగూ రాయాలి, అది చదివే విశ్లేషకులు ధరను అక్కడే ఉంచుతారు. లాభం పెరిగినట్టు కనిపించడమే తప్ప ఎండీగారికి దక్కేదేమీ ఉండదు, పైగా లెక్కలపై అనుమానం మొదలైతే నష్టమే.

కొత్త షేర్లు జారీ చేస్తామంటే ధర సగటున తగ్గుతుందని కూడా ఈ అధ్యయనాలు చూపించాయి, ఎందుకంటే ధర ఎక్కువగా ఉన్నప్పుడే యాజమాన్యం అమ్ముతుందని మదుపరులు అనుకుంటారు. అలాగే వేరే కంపెనీని కొంటున్నామనగానే మన షేరు గట్టిగా పడితే, మార్కెట్‌కు బుద్ధి లేదనుకోకుండా కొనుగోలు ధర లెక్క మళ్లీ చూసుకోవడం మంచిది.

అయితే ఫలితాలు వచ్చాక కూడా ధర కొన్ని వారాలు అదే దిశలో జరుగుతూ ఉంటుందన్న రుజువు 1968లో బాల్, బ్రౌన్ అధ్యయనం నుంచీ ఉంది. మార్కెట్ కొన్నిసార్లు నెమ్మదిగా స్పందిస్తుంది, నిజమే. కానీ ఆ నెమ్మది, మార్కెట్ నిజమైన ఫలితాలను ఆలస్యంగా గుర్తిస్తుందని చెబుతుంది తప్ప, లేని లాభానికి ధర కడుతుందని కాదు. కాబట్టి తరుగుదల పద్ధతి అలాగే ఉంచి, ఎగుమతి ఆర్డర్లు, మేత ఖర్చు, సుంకం ప్రభావం ఆలస్యం చేయకుండా ఎక్స్ఛేంజీకి తెలియజేయమని ఎండీగారికి చెప్పాలి.