తెలుగు వాచకంలో అమ్మ, నాన్న: ఒక విషయ విశ్లేషణ

మూడో తరగతి తెలుగు వాచకం ఒకదానిలో ప్రతి పాఠాన్నీ, ప్రతి బొమ్మనూ విడి యూనిట్‌గా తీసుకుని, ఒక్కో పాత్రకు లింగం, పని, చోటు, సంబోధన అనే నాలుగు కోడ్‌లు ఇచ్చాను. ఇంటి బొమ్మలో అమ్మ పొయ్యి దగ్గర, నాన్న పేపరుతో కుర్చీలో ఉన్నారు. కూతురు మంచినీళ్లు అందిస్తుంటే కొడుకు బంతితో గుమ్మం దాటుతున్నాడు. అంతకన్నా నన్ను బాధపెట్టింది సంబోధన: ఒకే పేరాలో నాన్న ‘వచ్చారు’, అమ్మ ‘వచ్చింది’. తెలుగులో స్త్రీ ఏకవచన క్రియ ఆవుకూ బస్సుకూ వాడే రూపమే కాబట్టి, గౌరవ బహువచనం ఎవరికి దక్కిందో విడిగా నమోదు చేయకపోతే ఈ తేడా లెక్కలోకే రాదు. టీచరమ్మకు మాత్రం ‘చెప్పారు’ అని ఉంది. గౌరవం ఉద్యోగానికి దక్కింది, ఇంటిచాకిరీకి దక్కలేదు. 2024లో కేరళ మూడో తరగతి పుస్తకంలో తండ్రి కొబ్బరి తురుముతున్న బొమ్మ వేశారు. మన వాచకంలో అలాంటి బొమ్మ వేసినా, పక్కన అమ్మ ‘వచ్చింది’ అనే ఉంటే సంబోధన కోడ్ మారదు.