నాన్నకి ఒక ఉత్తరం: నీకు నేను కొరివి పెట్టొచ్చా?

నాన్నా,

ఫోన్‌లో ఈ విషయం ఎత్తితే నువ్వు "ఇప్పుడెందుకే అవన్నీ" అని అమ్మకి ఇచ్చేస్తావు, అందుకే రాస్తున్నా. చివరిదాకా చదువు.

అత్తయ్య పోయినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. కన్నకూతురు పద్మ వదిన ఆవిడ మంచం పట్టిన దగ్గర్నుంచి దగ్గరుండి చూసుకుంది, స్నానం, మందులు, రాత్రి లేచి పక్క మార్చడం అన్నీ తనే. తీరా పోయాక ఏమైంది, మావయ్య వాళ్ళ తమ్ముడి కొడుకు బెంగళూరు నుంచి వచ్చేదాకా ఫ్రీజర్ బాక్స్‌లో పెట్టారు. అతను అత్తయ్యని చివరిసారి ఎప్పుడు చూశాడో అతనికే గుర్తులేదు. నిప్పుకుండ ఎలా పట్టుకోవాలో కూడా తెలీక వంకరగా పట్టుకుంటే పక్కనున్న వాళ్ళు సరిచేశారు. వదిన గేటు దగ్గర ఆగిపోయింది, ఆడవాళ్ళు ఇక్కడిదాకానే అన్నారు కదా. తను ఏడవలేదు నాన్నా, కుండకి కట్టిన తాడు ఊడుతోందని మాత్రం చెప్పింది.

ఆ సాయంత్రం నువ్వు అరుగు మీద కూర్చుని "నాకేం దిగుల్లేదు, తమ్ముడి కొడుకు శ్రీను ఉన్నాడు" అన్నావు. నేనూ చెల్లీ లోపల వింటూనే ఉన్నాం.

నేను అడిగేది ఒక్కటే. నీకు నేను కొరివి పెట్టొచ్చా? శాస్త్రం వద్దంటోందా, జనం వద్దంటున్నారా, లేక నీకే ఇష్టం లేదా? ఈ మూడింటికీ నా దగ్గర ఉన్న జవాబు వేరు వేరు కాబట్టి అడుగుతున్నా.

శాస్త్రం అంటే, గరుడ పురాణం ప్రేతఖండంలో కొడుకు లేకపోతే భార్య చెయ్యాలి, ఆమె కూడా లేకపోతే తోబుట్టువు అని వరస ఉంది. అంటే ఆడమనిషి చేతికి నిప్పు ఇవ్వకూడదు అన్న నియమం అక్కడే లేదు కదా. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో "పుత్రేణ దుహితా సమా" అని ఉంది, కూతురు కొడుకుతో సమానం అని. అది ఆస్తి గురించి చెప్పిన మాట, నాకు తెలుసు, కానీ ఆస్తికి సమానమైన మనిషి పిండానికి ఎలా తక్కువవుతుంది? ఇంకోటి, రేపు నా కొడుకు దౌహిత్రుడిగా నీకు పిండం పెట్టొచ్చు అంటారు, వాణ్ణి కన్న నేను మాత్రం పెట్టకూడదా? పెళ్ళయితే గోత్రం మారింది, మూడు రోజులే మైల అంటారు. మైల మూడు రోజులే అయినా నువ్వు నాకు నాన్నవి కాకుండా పోవు కదా.

చట్టం అడ్డు కూడా ఏం లేదు. ఎన్టీఆర్ గారు 1986లో మన రాష్ట్రంలో ఆడపిల్లకి వాటా ఇస్తూ చట్టం తెచ్చినప్పుడు నువ్వే ఎంత సంతోషపడ్డావో అమ్మ ఇప్పటికీ చెప్తుంది, 2005లో దేశమంతా వచ్చింది. 2018లో వాజపేయి గారికి ఆయన పెంచుకున్న కూతురు నమిత గారు చితికి నిప్పు పెట్టారు, దేశమంతా టీవీలో చూసింది. 2021లో జనరల్ బిపిన్ రావత్ గారికి, ఆయన భార్యకి ఇద్దరు కూతుళ్ళే అంత్యక్రియలు చేశారు. వాళ్ళది పెద్దింటి సంగతి అంటావేమో, కరోనా టైంలో మామూలు ఇళ్ళల్లో కూడా ఎంతమంది కూతుళ్ళు చేశారో నీకు తెలుసు, అప్పుడు ఎవరూ అడ్డం రాలేదు, ఎందుకంటే రావడానికి ఎవరూ లేరు. మనిషి లేనప్పుడు చెల్లింది మనిషి ఉన్నప్పుడు చెల్లదా అనేది నాకు అర్థం కాదు.

మన పురోహితుడు గారిని కూడా అడిగాను, నీకు చెప్పకుండా అడిగినందుకు కోప్పడకు. "మీ నాన్నగారు నోటితో ఒప్పుకుంటే నేను దర్భ నీ చేతికే ఇచ్చి చేయిస్తానమ్మా" అన్నారు. ఆయనకి కావాల్సింది నీ మాటే.

శ్రీను మీద నాకేం కోపం లేదు, మంచివాడే, వాడు పాడె మొయ్యనీ, పక్కన నిలబడనీ. కానీ కుండ నా భుజం మీద ఉండాలి, కోటిలింగాల రేవులో అస్థికలు నేనూ చెల్లీ కలపాలి, తద్దినం ఏటా మేము పెట్టాలి. నీకు నిజంగానే కొడుకు వరస వాడే చెయ్యాలని ఉంటే అది నీ ఇష్టం, నేను కాదనను, కానీ నా ముఖం చూసి చెప్పు, అరుగు మీద ఇంకెవరితోనో కాదు.

సంక్రాంతికి వస్తున్నా. బాబాయి కూడా ఉంటాడు, ఆయన ముందే మాట్లాడదామా, లేక ముందు నాకొక్కదానికే చెప్తావా, నువ్వే చెప్పు. అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించు, తను ఏమంటుందో కూడా నాకు కావాలి.

నీ పెద్దమ్మాయి,
సుజాత