సౌమ్య, కార్తీక్‌ల పెళ్లి పిలుపు

మా ఇంటి పెళ్లి, మీ అందరి సందడి! 💛
ఫిబ్రవరి 22, ఆదివారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలకు సుముహూర్తం

పెద్దలకు నమస్కారాలు, పిన్నలకు ఆశీస్సులు.

మా అమ్మాయి సౌమ్య పెళ్లి కుదిరిన సంగతి మీకు తెలిసిందే. శుభలేఖ వీడియో పంపుతున్నాం, శబ్దం పెంచుకుని చూడండి. మొదట్లో పిలుస్తున్న గొంతు మా అత్తయ్యగారిది. మనవరాలి పెళ్లికి తానే పిలవాలని పట్టుబట్టి, ఊపిరి ఆడకపోయినా ఆగి ఆగి చెప్పారు. మధ్యలో ఆగిన ఆ విరామాలను మేము తీసేయలేదు.

కల్యాణ మండపం చిరునామా వీడియో చివర ఉంది. అక్షరాలు చిన్నవి, అక్కడ ఆపి చూసుకోండి. దారి చూపే లింకు దీని కిందే పెడతాను.

ఇంటికి వచ్చి పిలవాల్సిన వాళ్లం. దూరాల వల్ల కొందరి దగ్గరికి రాలేకపోతున్నాం. దయచేసి దీన్నే మా స్వయం పిలుపుగా భావించి సకుటుంబంగా రండి. బాబాయ్, పిన్నీ, మీరు ముందు రోజే వచ్చేయాలి. వదినా, పిల్లల పరీక్షలని ఆగిపోవద్దు, ముహూర్తం వేళకైనా చేరండి.

ఫోను వాడని పెద్దలకు మీరే వీడియో చూపించి, మా మాటగా పిలవండి. ఎంతమంది వస్తున్నారో ఫిబ్రవరి 15 లోపు చెబితే బస ఏర్పాటు చేస్తాం.

మీ
సుజాత, రఘు