నియామక ఒప్పందం, 9వ నిబంధన: ఆవిష్కరణలు, పని ఫలితాలు, సొంత ప్రాజెక్టులు

9.1. ఉద్యోగి తన విధుల్లో భాగంగా గానీ, కంపెనీ ల్యాప్‌టాప్, సర్వర్లు లేదా గోప్య సమాచారం ఆధారంగా గానీ రూపొందించిన కోడ్, డిజైన్లు, పత్రాలు, ఆవిష్కరణలు కంపెనీకే చెందుతాయి. విధి నిర్వహణలో తయారైన రచనకు, వేరే ఒప్పందం లేనప్పుడు, 1957 కాపీరైట్ చట్టం 17(సి) సెక్షన్ యజమానినే తొలి హక్కుదారుగా గుర్తిస్తుంది; 1970 పేటెంట్ల చట్టంలో అటువంటి నియమం లేనందున, పైన చెప్పిన ఆవిష్కరణలపై తనకు గల హక్కులన్నింటినీ ఉద్యోగి ఇందుమూలంగా కంపెనీకి బదలాయిస్తున్నారు. అవసరమైన పత్రాలపై కంపెనీ ఖర్చుతో సంతకం చేస్తారు.

9.2. కాపీరైట్ బదలాయింపు ప్రపంచమంతటా, హక్కు అమల్లో ఉన్నంత కాలం వర్తిస్తుంది. ఏడాదిలోగా వినియోగించకపోయినా రద్దు కాదు. కాలం, ప్రాంతం రాయకుంటే చట్టం ఈ బదలాయింపును ఐదేళ్లకు, భారతదేశానికి పరిమితమైనదిగా భావిస్తుంది.

9.3. పని వేళల బయట, సొంత పరికరాలతో, కంపెనీ గోప్య సమాచారం వాడకుండా, కంపెనీ చేసే ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వ్యాపారంతో సంబంధం లేకుండా చేసిన ప్రాజెక్టు పూర్తిగా ఉద్యోగిదే. చేరకముందే మొదలుపెట్టిన, గుంటూరు మిర్చి యార్డు ధరలను రైతుల ఫోన్లకు పంపే యాప్ అనుబంధం-1లో నమోదైంది. దాని గురించి వచ్చిన ఈమెయిల్‌ను ఆఫీసు ల్యాప్‌టాప్‌లో చదివినంత మాత్రాన కంపెనీకి హక్కు రాదు. దాని కోడ్‌ను అందులో రాస్తే మాత్రం 9.1 వర్తిస్తుంది.

9.4. కొత్త ప్రాజెక్టు ఏ కోవకు వస్తుందో సందేహముంటే ఉద్యోగి సోర్స్ కోడ్ చూపకుండా, ఒక పేజీ వివరణతో హెచ్‌ఆర్ విభాగానికి తెలపాలి. 15 పనిదినాల్లో లిఖితపూర్వక అభ్యంతరం రాకపోతే అది ఉద్యోగి సొంతమే.

9.5. ఉద్యోగం మానిన తర్వాత మొదలైన పనులకు ఈ నిబంధన వర్తించదు.